ఒకే అమ్మాయి, నాలుగు పేర్లు: ఆన్‌లైన్ పని ప్రొఫైల్ తయారు చేయించడంలో మేం నేర్చుకున్నది



మీరిచ్చిన విరాళాలతో చదువు పూర్తయిన అమ్మాయిలకు ల్యాప్‌టాప్‌లు కొనిచ్చాం, టైపింగ్, కంప్యూటర్ శిక్షణ ఇప్పించాం. ఇంటి నుంచే పని చేసి సంపాదించుకుంటారని మీకు చెప్పాం. ఆ మాట నిలబడాలంటే ల్యాప్‌టాప్‌కూ జీతానికీ మధ్య ఇంకో మెట్టు ఉందని మాకు ఆలస్యంగా తెలిసింది. పని ఇచ్చేవారూ చేసేవారూ కలిసే ఆన్‌లైన్ వేదికలో ప్రొఫైల్ తయారు చేసుకోవడమే ఆ మెట్టు. చూడటానికి అది ఒక గంటలో నింపేసే ఫారంలాగే ఉంటుంది. మేమూ అలాగే అనుకుని పొరబడ్డాం.

ఒక అమ్మాయి తన మొదటి పని చక్కగా ముగించింది. ఖాతాలో డాలర్లు కనిపించాయి. ఆ డబ్బు బ్యాంకుకు పంపమని నొక్కితే వెనక్కి వచ్చింది. రెండోసారి నొక్కినా అంతే. "భాయ్, తెర మీద డబ్బు కనిపిస్తోంది, చేతికి మాత్రం రావట్లేదు. ఇంట్లో అబ్బా నమ్మడం లేదు" అని ఫోన్ చేసింది. ఆమె పనిలో లోపమేమీ లేదు, వేదికలోనూ లేదు. తప్పు మాది. ప్రొఫైల్‌ను మొదటి పేజీ నుంచి నింపించాం. నింపాల్సింది చివరి పేజీ నుంచి.

అందుకే ఈ వ్యాసంలో ఆ క్రమాన్నే పాటిస్తున్నాం. డబ్బు చేరాల్సిన బ్యాంకు ఖాతాతో మొదలుపెట్టి గుర్తింపు పత్రాలు, గంటకు ధర, నైపుణ్యాలు అనే వరుసలో వెనక్కి నడుద్దాం. ఇలాంటి వేదికలు చాలా ఉన్నాయి. ఉదాహరణకు అప్‌వర్క్‌ను తీసుకుంటున్నాం. ఈలాన్స్, ఓడెస్క్ అనే రెండు పాత సంస్థలు కలిసిపోయాక 2015లో ఆ పేరు వచ్చింది. మిగతా వేదికల్లో పేజీల అమరిక వేరుగా ఉన్నా, చిక్కులు వచ్చే చోట్లు దాదాపు ఇవే.

చేరాల్సిన ఖాతా

ఈ వేదికల్లో ఒక నియమం ఉంది. పని చేసిన మనిషి, గుర్తింపు చూపిన మనిషి, డబ్బు తీసుకునే మనిషి ఒక్కరే కావాలి. అబ్బా ఖాతాకో, శౌహర్ ఖాతాకో పంపుతామంటే కుదరదు. మన ఇళ్లలో ఇది మొదటి అడ్డంకి. చాలామంది అమ్మాయిలకు సొంత ఖాతా ఉండదు, ఉన్నా స్కాలర్‌షిప్ కోసం ఎప్పుడో తెరిచి వదిలేసినదై ఉంటుంది.

అలాంటి పాత ఖాతాలో మూడు విషయాలు చూసుకోవాలి. మొదటిది, అది పూర్తి కేవైసీ ఉన్న సాధారణ పొదుపు ఖాతానా, లేక తక్కువ పత్రాలతో తెరిచిన 'చిన్న ఖాతా'నా అన్నది. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం, గుర్తింపు పత్రాలు పూర్తిగా ఇచ్చేదాకా చిన్న ఖాతాలోకి విదేశీ డబ్బు జమ కావడానికి వీల్లేదు. బ్యాంకుకు వెళ్లి "నా ఖాతాకు పూర్తి కేవైసీ అయిందా?" అని అడిగితే చాలు, చెబుతారు. రెండోది, ఖాతా వాడుకలో ఉందా అన్నది. చాలా కాలం లావాదేవీలు లేని ఖాతా నిద్రాణ స్థితిలోకి పోతుంది. దాన్ని ముందుగా మేల్కొలపాలి.

మూడోది ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో విలీనమైంది. అయినా మన ఇళ్లలో ఆంధ్రా బ్యాంకు పాస్‌బుక్కులు ఇంకా బీరువాల్లో ఉన్నాయి. ఆ పాస్‌బుక్కు మీద ANDB అని మొదలయ్యే పాత కోడ్ ఉంటుంది. ఇప్పుడు వాడాల్సింది UBIN అని మొదలయ్యే కొత్త కోడ్. పాస్‌బుక్కు చూసి రాసుకోకుండా, బ్యాంకులో కొత్తగా ముద్రింపించిన పేజీ చూసి రాసుకోమని ఇప్పుడు ప్రతి అమ్మాయికీ చెబుతున్నాం.

ఇంకో చిన్న మాట. ఖాతా వివరాలు కొత్తగా చేర్చిన వెంటనే డబ్బు తీసుకోనివ్వరు. అప్‌వర్క్‌లో భద్రత కోసం మూడు రోజులు ఆగాలి. మొదటి సంపాదన వచ్చాక కాకుండా, ప్రొఫైల్ తెరిచిన వారంలోనే బ్యాంకు వివరాలు చేర్చేస్తే ఈ ఆలస్యం అసలు తెలియదు.

నాలుగు పేర్ల చిక్కు

ఇక అసలు కష్టానికి వద్దాం. మేం చూసిన ఇబ్బందుల్లో ఎక్కువ భాగం ఇక్కడే వచ్చాయి. మన సముదాయంలో ఇది మరీ ఎక్కువ. ఊహించిన ఒక పేరుతో చెబుతాం. రిజ్వానా అనే అమ్మాయి నాలుగు పత్రాలు బల్ల మీద పెట్టిందనుకోండి. పదో తరగతి సర్టిఫికెట్‌లో SHAIK RIZWANA అని ఉంది. పాన్ కార్డులో RIZWANA SHAIK. ఆధార్‌లో SHAIK RIZWANA BEGUM. బ్యాంకు పాస్‌బుక్కులో SK RIZWANA.

మన కంటికి నలుగురూ ఒక్కరే. షేక్‌ను ఎస్.కె. అని రాయడం, మొహమ్మద్‌ను ఎండి. అని రాయడం మనకు తాతల కాలం నుంచి అలవాటు. ఆడపిల్ల పేరు చివర బేగం, సుల్తానా, ఖాతూన్ అని చేర్చడం మర్యాద. ఆధార్ నమోదుకు వచ్చిన మనిషి అడిగినప్పుడు ఇంట్లో పెద్దవాళ్లు ఏ పేరు చెబితే అదే ఎక్కింది. కానీ పేర్లు సరిపోల్చే యంత్రానికి ఈ మర్యాదలు తెలియవు. అది అక్షరాలనే చూస్తుంది.

సరిపోల్చడం ఒకచోట కాదు, మూడు చోట్ల జరుగుతుంది. వేదికలో రాసిన పేరును గుర్తింపు పత్రం మీది పేరుతో పోలుస్తారు. పన్ను వివరాల్లో ఇచ్చిన పేరు పాన్ రికార్డుతో కలవాలి. డబ్బు పంపేటప్పుడు ఖాతాదారు పేరు బ్యాంకు రికార్డుతో కలవాలి. మొదటి రెండూ దాటి మూడోచోట ఆగిపోతే ఏమవుతుందో పైన చెప్పాం. పని అయిపోయి ఉంటుంది, డబ్బు కనిపిస్తూ ఉంటుంది, రాదు.

అన్ని తేడాలూ ఒకే రకం కావు. SHAIK RIZWANA, RIZWANA SHAIK అనేవి పదాలు అవే, వరుస మాత్రమే వేరు. ఇది సాధారణంగా పెద్ద ఇబ్బంది కాదు. SK అనేది SHAIK కాదు, అది వేరే పదం. BEGUM అనేది ఒక పత్రంలో ఉండి ఇంకోదాంట్లో లేకపోతే అది అదనపు పదం. ఈ రెండు రకాలనూ సరిచేయించాలి. తండ్రి పేరు మొదటి అక్షరం ఒకచోట ఉండి ఇంకోచోట లేకపోవడం కూడా ఇలాంటిదే.

ఏ పేరును మూలంగా పెట్టుకోవాలి? మేం పాటిస్తున్న పద్ధతి ఇది. పదో తరగతి సర్టిఫికెట్‌లోని పేరును ఆధారం చేసుకుని, మిగతావి ఆ పదాలకు తెచ్చుకోవాలి. సర్టిఫికెట్ మార్పించడం అన్నిటికన్నా కష్టం, పైగా మిగతా కార్యాలయాలు దాన్నే రుజువుగా అడుగుతాయి. రిజ్వానా విషయంలో సర్టిఫికెట్‌లోనూ పాన్‌లోనూ ఉన్న పదాలు ఒక్కటే. కాబట్టి మార్చాల్సినవి రెండే: ఆధార్, బ్యాంకు. ముందు ఆధార్‌లో BEGUM తీయించాలి. తర్వాత ఆ కొత్త ఆధార్ తీసుకెళ్లి బ్యాంకులో SKను SHAIKగా మార్పించాలి. వరుస తిరగేసి ముందు బ్యాంకుకు వెళితే, వాళ్లు ఆధార్‌లో ఉన్నట్టే బేగంతో సహా రాస్తారు. అప్పుడు రెండుసార్లు తిరగాలి.

ఒక హెచ్చరిక. ఆధార్‌లో పేరు మార్చుకోవడానికి జీవితంలో రెండుసార్లే అవకాశం ఉంది. మీసేవలో కుర్రాడు అడిగిన వెంటనే ఏదో ఒకటి చెప్పేసి ఒక అవకాశం పోగొట్టుకోకూడదు. కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసుకుని వెళ్లి, సమర్పించే ముందు తెర మీద స్పెల్లింగ్ చదివి చూసుకోవాలి. పెళ్లయిన అమ్మాయిలు శౌహర్ పేరు చేర్చాలా అని అడుగుతుంటారు. నికాహ్ తర్వాత పేరు మార్చుకోవాలని ఏ చట్టమూ చెప్పదు. సర్టిఫికెట్‌లో ఉన్న పేరుతోనే కొనసాగితే ఈ నాలుగు పత్రాల తలనొప్పి మళ్లీ మొదలవదు.

వేదికలో పేరు, ముఖం, గుర్తింపు

పత్రాలు ఒక దారికి వచ్చాక వేదికలో పేరు రాయాలి. అక్కడ రెండు గడులు ఉంటాయి: First name, Last name. మన వాడుకలో ఇంటిపేరు ముందు వస్తుంది కాబట్టి చాలామంది మొదటి గడిలో Shaik, రెండో గడిలో Rizwana రాస్తారు. అప్‌వర్క్‌లో బయటివారికి మొదటి పేరు పూర్తిగా, చివరి పేరు ఒక్క అక్షరంగా కనిపిస్తుంది. అలా రాస్తే ఆమె ప్రపంచానికి Shaik R. అవుతుంది. ఇంకో వందమంది షేక్‌ల మధ్య ఆమె ఎవరో తెలియదు. మొదటి గడిలో Rizwana, రెండో గడిలో Shaik రాస్తే Rizwana S. అని కనిపిస్తుంది. ఇంటి గౌరవానికి వచ్చిన లోటేమీ లేదు, పూర్తి పేరు వేదిక దగ్గర భద్రంగా ఉంటుంది. పూర్తి ఇంటిపేరు, చిరునామా, ఫోన్ నంబరు బయటికి చూపించరని తెలిశాక కొందరు తల్లిదండ్రులు ఊపిరి పీల్చుకున్నారు.

ఫొటో గురించి ఇళ్లలో ఎక్కువ చర్చ జరుగుతుంది. ప్రొఫైల్ ఫొటోలో ఆ మనిషి ముఖం స్పష్టంగా కనిపించాలి. పువ్వు బొమ్మో, కార్టూనో, తమ్ముడి ఫొటోనో పెడితే ఒప్పుకోరు. తలకు హిజాబ్ ఉండటం సమస్య కాదు. ముఖం కప్పే నఖాబ్‌తో మాత్రం కుదరదు. గుర్తింపు తనిఖీలో ప్రభుత్వం ఇచ్చిన ఫొటో పత్రాన్ని ఫోన్ కెమెరాకు చూపించి, తర్వాత తన ముఖాన్ని కూడా చూపించాలి. రెండూ ఒకే మనిషివి అవునా కాదా అని పోల్చుతారు. ఈ సంగతి ముందే ఇంట్లో చెప్పి, అమ్మాయీ పెద్దలూ ఒప్పుకున్నాకే మొదలుపెట్టించాలి. ఒప్పుకోని ఇంటిని ఒత్తిడి చేయడం లేదు. వాళ్లకు ఊళ్లోనే దొరికే పని చూస్తున్నాం.

తనిఖీలో తిరస్కరణలకు కారణాలు చాలావరకు సాధారణమైనవే. జిరాక్స్ కాపీని ఫొటో తీయడం, లామినేషన్ మీద ట్యూబ్‌లైటు మెరుపు పడి అక్షరాలు కనబడకపోవడం, కార్డు అంచు ఫొటోలో కోసుకుపోవడం, గడువు తీరిన పత్రం ఇవ్వడం. అసలు కార్డును ముదురు రంగు బట్ట మీద పెట్టి, పగటి వెలుతురులో కిటికీ పక్కన తీస్తే సగం తిరస్కరణలు ఉండవు. ఏ పత్రాలు తీసుకుంటారో ఆ సమయంలో తెర మీద జాబితా వస్తుంది, అందులో ఉన్నదే ఇవ్వాలి.

మా కార్యకర్తలకు మేం పెట్టుకున్న కట్టుబాటు ఒకటి ఉంది. పక్కన కూర్చుని చెప్పవచ్చు, చేయి మాత్రం పెట్టకూడదు. ఖాతా అమ్మాయి ఈమెయిల్‌తో, అమ్మాయి ఫోన్ నంబరుతో తెరవాలి. అన్న సిమ్‌తో తెరిస్తే, అతను రేపు గల్ఫ్‌కు వెళ్లిపోయాక ఓటీపీ అక్కడికి పోతుంది. గల్ఫ్‌లో ఉన్న అన్న సాయం చేద్దామని అక్కడి నుంచి చెల్లెలి ఖాతాలోకి ప్రవేశించడం కూడా మంచిది కాదు. గుంటూరులో ఉన్న మనిషి ఖాతా అదే రోజు రియాద్‌లో తెరుచుకుంటే వేదికకు అనుమానం వస్తుంది. సాయం చేయాలంటే వీడియో కాల్‌లో చెప్పడమే దారి.

ఇంతకన్నా పెద్ద ప్రమాదం ఇంకొకటి. గుర్తింపు తనిఖీ పూర్తయిన ఖాతాను అద్దెకు ఇవ్వమని, నెలకు ఇంత ఇస్తామని అడిగేవాళ్లు ఉన్నారు. ఊరికే డబ్బు వస్తుందని ఆశ పుడుతుంది. కానీ ఆ ఖాతాతో ఎవరు ఏ మోసం చేసినా పేరు, ముఖం, పాన్, బ్యాంకు ఈ అమ్మాయివే. ఒక మనిషికి ఒకటే ఖాతా కాబట్టి, అది శాశ్వతంగా మూతపడితే రెండోది తెరిచే దారి కూడా ఉండదు.

పన్ను పేజీ

డబ్బు తీసుకునే ముందు ఒక అమెరికా పన్ను ఫారం వస్తుంది. దాని పేరు W-8BEN. పేరు చూసి భయపడి చాలామంది అక్కడే ఆపేస్తారు. అందులో చెప్పేది ఒక్కటే: "నేను అమెరికా పౌరురాలిని కాను, అక్కడ నివసించేదాన్ని కాను." ఇండియాలో కూర్చుని చేసిన పనికి అమెరికాలో పన్ను కట్టాల్సిన అవసరం లేదు. పేరు మాత్రం గుర్తింపు పత్రంలో ఉన్నట్టే రాయాలి.

పాన్ నంబరు ఇవ్వడం మరిచిపోకూడదు. మన ఆదాయపన్ను చట్టం ప్రకారం ఇలాంటి వేదికలకు మూలంలోనే పన్ను కోసే నిబంధన వర్తిస్తుంది. 2024 అక్టోబరు 1 నుంచి ఆ కోత 0.1 శాతం. పాన్ ఇవ్వకపోతే అది 5 శాతం. పాన్ ఆధార్‌తో అనుసంధానమై ఉందో లేదో కూడా చూసుకోవాలి. కాకపోతే పాన్ పనిచేయనిదైపోతుంది. పేర్లు కలవని చోట ఈ అనుసంధానం కూడా ఆగిపోతుంది. మళ్లీ ఆ నాలుగు పేర్ల సంగతే.

గంటకు ఎంత?

ధర పెట్టే గడి దగ్గర అమ్మాయిలు అందరికన్నా తక్కువ రాస్తారు. అప్‌వర్క్‌లో గంటకు కనీసం 3 డాలర్లు. కాబట్టి 3 రాసేస్తారు. అది ఎందుకు సరిపోదో రిజ్వానా లెక్కతో చూద్దాం. లెక్క సులువు కోసం డాలరు 85 రూపాయలనుకుందాం.

ఆమెకు నెలకు 20,000 రూపాయలు చేతికి రావాలి. ఇంటిపని పోను రోజుకు 4 గంటలు కూర్చోగలదు. నెలకు 25 రోజులంటే 100 గంటలు. కానీ ఈ 100 గంటలకూ డబ్బు రాదు. పని వెతకడం, ప్రతిపాదనలు రాయడం, కరెంటు పోవడం ఇందులోనే ఉంటాయి. డబ్బు వచ్చే గంటలు 60 అనుకోవడం సబబు. ఇంటర్నెట్, కరెంటు, ప్రతిపాదనల ఖర్చు నెలకు 1,800 రూపాయలు కలిపితే 60 గంటల్లో 21,800 రావాలి. అంటే గంటకు సుమారు 363 రూపాయలు మిగలాలి.

వేదిక తన రుసుము తీసుకుంటుంది. అప్‌వర్క్‌లో అది ఒప్పందాన్ని బట్టి 0 నుంచి 15 శాతం దాకా ఉంటుంది, ఒప్పుకునే ముందే చూపిస్తారు. ఇక్కడ 10 శాతం అనుకుందాం. జీఎస్టీ నంబరు లేనివారికి ఆ రుసుము మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది. మొత్తం మీద 11.8 శాతం పోతుంది. 363 మిగలాలంటే గంటకు 412 రూపాయలు, అంటే 4.85 డాలర్లు పెట్టాలి. ఇది ఖర్చులకు సరిపోయే నేల. డాలరు రేటు మారడానికి, పని లేని వారాలకు కాస్త చోటు ఉంచితే 6 డాలర్లు సబబైన ధర. 3 డాలర్లకు ఒప్పుకుంటే 60 గంటలకు ఖర్చులు పోగా 12,000 కూడా మిగలవు.

ఇప్పుడు 6 డాలర్ల ధరతో 10 గంటల పని లెక్క చూడండి. మొత్తం 60 డాలర్లు. రుసుము 6 డాలర్లు, దాని మీద జీఎస్టీ 1.08, మూలంలో కోత 0.06. మిగిలింది 52.86. ఇండియాలో నేరుగా బ్యాంకుకు పంపడానికి 0.99 డాలరు. చేతికి 51.87 డాలర్లు, అంటే సుమారు 4,400 రూపాయలు. మార్పిడి రేటులో ఇంకొంచెం తగ్గుతుంది. ప్రతిసారీ 0.99 పోతుంది కాబట్టి, చిన్న చిన్న మొత్తాలు పంపుకోకుండా నెలకు ఒకటి రెండుసార్లు పంపుకోవడం లాభం.

డబ్బు ఎప్పుడు వస్తుందన్నది కూడా ఇంట్లో ముందే చెప్పాలి. గంటల లెక్కన చేసే పనికి వారం సోమవారం నుంచి ఆదివారం దాకా. అది మన గడియారం ప్రకారం సోమవారం తెల్లవారుజామున 5.30కి ముగుస్తుంది. పని ఇచ్చినవారు గంటలు సరిచూసుకోవడానికి కొన్ని రోజులు ఉంటాయి. వారం ముగిసిన పది రోజులకు డబ్బు విడుదలవుతుంది. ఈ పది రోజులు తెలియని ఇంట్లో "పని చేయించుకుని ఎగ్గొట్టారు" అనే మాట వస్తుంది, అమ్మాయి చేత పని మానిపిస్తారు.

నైపుణ్యాలు: అందరికీ వచ్చింది కాకుండా

మా మొదటి విడత అమ్మాయిల ప్రొఫైళ్లన్నీ ఒకేలా ఉన్నాయి. పైన Data Entry Expert అని రాశారు. కింద టైపింగ్, ఎక్సెల్, కష్టపడే స్వభావం. ఆ మాటలతో ప్రపంచమంతటా లెక్కలేనంత మంది ఉన్నారు. నెలలు గడిచినా పని రాలేదు.

రిజ్వానాలాంటి అమ్మాయికి ఇంకేం వచ్చు? బడిలో తెలుగు, ఇంట్లో ఉర్దూ. అది కూడా మన దక్కనీ ఉర్దూ. "నక్కో", "హౌ" అనే మాటలు వినిపిస్తే లక్నోలో చదివిన మనిషి తడబడతారు, మన అమ్మాయి తడుముకోకుండా రాస్తుంది. ఇంటర్వ్యూలు, ఉపన్యాసాలు, వీడియోల్లోని మాటలను విని రాసి, సమయాలతో సహా ఇవ్వమని అడిగే పని ఈ వేదికల్లో ఉంటుంది. అందుకే ఆమె ప్రొఫైల్ పైన రాయాల్సింది ఇది: Telugu and Urdu Transcription & Subtitles. ఈ మాటలు వెతికేవారు తక్కువే, కానీ వెతికినవారికి కనిపించేవారు కూడా తక్కువే. నైపుణ్యాల జాబితాలో కూడా ఆ పనికి సంబంధించినవే ఉండాలి. వచ్చీరాని ఫొటోషాప్ చేర్చడం వల్ల లాభం లేదు, ఒకవేళ ఆ పని వస్తే చెడ్డపేరు వస్తుంది.

పరిచయం రాసే చోట మొదటి రెండు వాక్యాలే జాబితాలో కనిపిస్తాయి. అక్కడ "నేను నిజాయితీగా కష్టపడతాను" అని రాస్తే వృథా. ఏ భాషలో, ఎలాంటి ధ్వనిని, ఏ రూపంలో, ఎన్నాళ్లలో ఇస్తుందో రాయాలి. అనుభవం లేదన్నది దాచనక్కర్లేదు, నమూనా ఉంటే చాలు. నానీ చిన్ననాటి సంగతులు చెబుతుండగా ఆమె అనుమతితో రెండు నిమిషాలు ఫోన్‌లో రికార్డు చేసి, విని, ఇలా రాస్తే అదే నమూనా:

```
1
00:00:01,000 --> 00:00:04,200
మా ఇంటి ముందు వేపచెట్టు ఉండేది.
```

మొదటి వరుస మాట సంఖ్య, రెండోది ఆ మాట తెర మీద మొదలయ్యే, ముగిసే సమయాలు, మూడోది మాట. సమయాల్లో సెకన్ల తర్వాత చుక్క కాదు, కామా పెట్టాలి. ఇంత చిన్న తప్పుకే ఫైలు తెరుచుకోకపోవచ్చు. నమూనా చూసినవారికి ఈ అమ్మాయికి పని తెలుసని ఒక్క చూపులో అర్థమవుతుంది.

ఈ పనికి ధర చెప్పేటప్పుడు ఒక లెక్క గుర్తుంచుకోవాలి. స్పష్టంగా ఉన్న ఒక గంట ధ్వనిని రాయడానికి అలవాటైన మనిషికే నాలుగు గంటలు పడుతుంది. కొత్తవారికి ఇంకా ఎక్కువ. "అరగంట ఆడియో" అని విని అరగంట పని అనుకుని 3 డాలర్లకు ఒప్పుకున్న అమ్మాయి నాలుగు గంటలు కూర్చుంది. గంటకు 6 డాలర్లనుకుంటే దాని ధర 24.

ప్రొఫైల్ తర్వాత మొదటి ఖర్చు

ప్రతిపాదన పంపడానికి అప్‌వర్క్‌లో 'కనెక్ట్స్' అనే టోకెన్లు కావాలి. ఒక్కోటి 15 సెంట్లు. ఒక పనికి పది అడిగితే ఒకటిన్నర డాలరు, అంటే సుమారు 128 రూపాయలు. పని రాకపోయినా అది పోతుంది. కాబట్టి ప్రతి పనికీ ప్రతిపాదన పంపకూడదు. చెల్లింపు పద్ధతి ధ్రువీకరించిన యజమానినా, గతంలో ఎవరికైనా డబ్బు చెల్లించారా అన్నవి చూసి ఎంచుకోవాలి. వేదిక బయట టెలిగ్రామ్‌కో వాట్సాప్‌కో రమ్మని, ముందు "డిపాజిట్" కట్టమని అడిగినవారిని అక్కడే వదిలేయాలి. పని ఇచ్చేవారు డబ్బు ఇస్తారు, అడగరు.

మా పద్ధతిలో వచ్చిన మార్పు

మొదట చెప్పిన అమ్మాయి విషయానికి వస్తే, ఆమె బ్యాంకు పేరును ఆధార్‌తో కలిపించుకుని, ఖాతా వివరాలు మళ్లీ చేర్చి, మూడు రోజులు ఆగింది. డబ్బు వచ్చింది. వేదిక దగ్గర అది ఎక్కడికీ పోలేదు, ఇన్నాళ్లూ అక్కడే ఉంది. వచ్చిన మెసేజ్‌ను ముందు అబ్బాకు చూపించిందట.

ఆ తర్వాత మేం ల్యాప్‌టాప్ ఇచ్చే వరుస మార్చాం. ఇప్పుడు అమ్మాయి ముందుగా నాలుగు పత్రాలు తెచ్చి బల్ల మీద పెట్టాలి. కార్యకర్త ఒక కాగితం మీద నాలుగు పేర్లనూ పెద్ద ఇంగ్లీషు అక్షరాలతో ఒకదాని కింద ఒకటి రాస్తారు. తేడా ఉన్న అక్షరాల కింద గీత గీస్తారు. కాగితం అమ్మాయి దగ్గరే ఉంటుంది, మేం పత్రాల నకళ్లు ఉంచుకోం. గీతలు లేని రోజే శిక్షణ మొదలవుతుంది. పత్రాలు సరిచేయడానికి వారాలు పడుతుంది, ఈలోగా నానీ రికార్డింగులతో సాధన సాగుతుంది.

కాబట్టి ఈ ఏడాది లెక్కల్లో కొత్తగా కొన్ని చిన్న పద్దులు కనిపిస్తాయి. ఆధార్, పాన్ సవరణ రుసుములు, బ్యాంకుకు రెండుసార్లు వెళ్లిన ఆటో ఛార్జీలు, మొదటి నెల కనెక్ట్స్. ఇవి ఎందుకని మీలో కొందరు అడిగారు. ల్యాప్‌టాప్ మీద ఫొటో తీయించుకోవచ్చు, ఆటో ఛార్జీ మీద తీయించుకోలేం. కానీ ఒక అమ్మాయికి ఆ కొన్ని వందల రూపాయలు లేకపోతే, మీరిచ్చిన వేల రూపాయల ల్యాప్‌టాప్ సంపాదించిన డబ్బు తెర మీదే ఉండిపోతుంది. ఆ పద్దులకు కారణం ఇదే.